కామెంట్లకు రాత్రిపూట మార్కులు: వెటకారం, కలగలుపు తెలుగు దగ్గర తప్పే లెక్క

జనం రాసిన ఒక్కో కామెంటును ప్రోగ్రామ్ చదివి, అందులో ఉన్నది మెచ్చుకోలో తెగడ్తో ఒక సంఖ్యలో చెప్పడమే సెంటిమెంట్ స్కోరింగ్. ఆ సంఖ్య మామూలుగా −1కీ +1కీ మధ్య ఉంటుంది. సున్నాకు పైన ఉంటే మెప్పు, కింద ఉంటే విమర్శ, దగ్గరలో ఉంటే తటస్థం అని లెక్క. తెలుగులో ఈ పని ఎక్కువగా అక్కరకొచ్చేది సినిమా ప్రచారంలో. ట్రైలర్ కింద రోజుకు వేలల్లో వచ్చిపడే కామెంట్లను కూర్చుని చదివే తీరిక ఏ ప్రచార బృందానికీ ఉండదు. అందుకని అర్ధరాత్రి దాటాక ఒక ప్రోగ్రామ్ తనంతట తానే లేచి, కొత్త కామెంట్లను తెచ్చి, వాటికి మార్కులు వేసి, సగటు తీసి, పొద్దున్నకల్లా గ్రాఫు గీసి పెడుతుంది. ఇలా నిర్ణీత వేళకు మనిషి ప్రమేయం లేకుండా నడిచే ప్రోగ్రామునే షెడ్యూల్డ్ జాబ్ అంటారు.

లైనక్స్ సర్వర్లలో ఈ మేల్కొలుపు పని క్రాన్ అనే పాత సదుపాయం చేస్తుంది. దానికి ఒక్క వరుస రాసిస్తే చాలు:

```
30 20 * * * /home/app/bin/score_comments.sh
```

మొదటి ఐదు గడులు వరసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం. పై వరుసకు అర్థం ప్రతిరోజూ 20 గంటల 30 నిమిషాలకు నడవమని. చాలా సర్వర్ల గడియారం భారత కాలమానంలో కాక అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో ఉంటుంది. అక్కడ 20:30 అంటే ఇక్కడ తెల్లవారితే వచ్చే తేదీలో రాత్రి రెండు గంటలు. ఈ ఐదున్నర గంటల తేడా చిన్నదిగా కనిపించినా సినిమా విషయంలో పెద్ద తప్పుకు దారి తీస్తుంది. కామెంట్లను సర్వర్ తేదీ ప్రకారం రోజులుగా విడదీస్తే, భారతదేశపు రోజు అర్ధరాత్రి బదులు పొద్దున 5:30కి మారుతుంది. తెల్లవారుజాము బెనిఫిట్ షో నుంచీ, అమెరికాలో ముందురోజు సాయంత్రం పడిన ప్రీమియర్ ఇంటర్వెల్ నుంచీ వచ్చే మొదటి మాటలు ఆ వేళకే మొదలవుతాయి. విడుదల రోజు అసలు స్పందన విడుదలకు ముందు రోజు ఖాతాలో పడిపోతుంది. కామెంటు సమయాన్ని ప్రామాణిక కాలంలోనే దాచుకుని, రోజులుగా విడదీసేటప్పుడు మాత్రం భారత కాలమానంలోకి మార్చుకుంటే ఈ చిక్కు ఉండదు.

యూట్యూబ్ నుంచి కామెంట్లు తెచ్చుకోవడానికి గూగుల్ ఇచ్చిన మార్గంలో ఒక్కో పిలుపుకు గరిష్ఠంగా 100 కామెంట్లు వస్తాయి. ఒక్కో పిలుపుకు ఒక యూనిట్ ఖర్చు, రోజువారీ మామూలు కోటా 10,000 యూనిట్లు. కాబట్టి ఒక ట్రైలరుకు కోటా ఇబ్బంది రాదు. ఇబ్బందంతా ఎక్కడిదాకా చదివామన్న గుర్తు దగ్గర వస్తుంది. జాబ్ ప్రతిసారీ తాను చదివిన ఆఖరి కామెంటు సమయాన్ని రాసి పెట్టుకుంటుంది. ఆ గుర్తును మార్కులు డేటాబేసులో భద్రమయ్యాక ముందుకు జరపాలి. ముందే జరిపితే, మధ్యలో నెట్‌వర్క్ తెగిన రాత్రి తెచ్చిన కామెంట్లన్నీ ఎవరికీ తెలియకుండా మాయమవుతాయి. మర్నాడు జాబ్ మామూలుగానే నడుస్తుంది, గ్రాఫులో ఒక పల్లం మాత్రం మిగులుతుంది. ఆ పల్లాన్ని చూసి సినిమాపై ఆసక్తి తగ్గిందని మీటింగులో ఎవరో ఒకరు వివరించేస్తారు కూడా.

ఇంకో జాగ్రత్త, జాబ్ ఒకే రాత్రి రెండుసార్లు నడిచినా ఫలితం మారకూడదు. అందుకు ప్రతి కామెంటుకూ ఉండే గుర్తింపు సంఖ్యను ఆధారంగా చేసుకుంటారు. ఆ సంఖ్యతో మార్కు ఇప్పటికే ఉంటే కొత్త వరుస చేర్చకుండా పాతదాన్నే సరిదిద్దుతారు:

```sql
INSERT INTO scores (comment_id, scorer, score, known_words, total_words)
VALUES (?, ?, ?, ?, ?)
ON CONFLICT (comment_id, scorer) DO UPDATE
SET score = excluded.score,
    known_words = excluded.known_words,
    total_words = excluded.total_words;
```

ఇందులో `scorer` అనే గడి మార్కు ఏ పద్ధతితో వేశారో చెబుతుంది. పదకోశంలో పది మాటలు చేర్చినా అది కొత్త పద్ధతే. ఈ గడి లేకపోతే, మంగళవారం పదకోశం మార్చిన కారణంగా గ్రాఫు ఎగబాకితే అది జనంలో వచ్చిన మార్పులాగే కనిపిస్తుంది. `known_words` గడి సంగతి తర్వాత వస్తుంది. తెలుగు కామెంట్లకు అన్నిటికంటే ఉపయోగపడేది అదే.

ఇక మార్కులు ఎలా పడతాయో చూడాలి. చౌకగా, వేగంగా, మెషీన్ లెర్నింగ్ శిక్షణ లేకుండా పనిచేసేది పదకోశ పద్ధతి. వీటిలో బాగా వాడుకలో ఉన్నది వేడర్. జార్జియా టెక్‌లో హట్టో, గిల్బర్ట్ అనే ఇద్దరు దీన్ని 2014లో ప్రచురించారు. ఇందులో ఏడున్నర వేలకు పైగా ఇంగ్లిష్ మాటలు, ఎమోటికాన్లు, యాస మాటలు ఉన్నాయి. ఒక్కోదానికి పదిమంది మనుషులు −4 నుంచి +4 వరకు మార్కులు వేశారు. ఆ పది మార్కుల సగటే ఆ మాట విలువ. ఉదాహరణకు `nice` విలువ 1.8, `super` విలువ 2.9, `worst` విలువ −3.1.

వాక్యంలోని విలువలన్నీ కూడాక, మొత్తాన్ని −1, +1 మధ్యకు కుదించడానికి ఈ సూత్రం వాడతారు. ఇక్కడ `x` అంటే కూడగా వచ్చిన మొత్తం:

```
score = x / sqrt(x*x + 15)
```

ఒక్క `nice` ఉన్న వాక్యానికి 1.8 వస్తుంది. దాన్ని సూత్రంలో పెడితే 0.4215. స్కోరు 0.05కు తగ్గకపోతే మెప్పు, −0.05కు మించకపోతే విమర్శ, మధ్యలో ఉన్నది తటస్థం అని లెక్కవేయడం ఆనవాయితీ. వేడర్ ఒట్టి కూడికతోనే ఆగదు. ఒక మాటకు విలువ వేసే ముందు, దానికి ముందున్న మూడు మాటల్లో `not` లాంటి నిషేధం ఉందేమో చూస్తుంది. ఉంటే విలువను −0.74తో గుణిస్తుంది. అందుకే `not nice` అన్నదానికి −0.3252 వస్తుంది. `very` ఉంటే కొంచెం పెంచుతుంది, `but` ఉంటే దాని తర్వాతి భాగానికి బరువు ఎక్కువ ఇస్తుంది. ఇంగ్లిషులో రాసిన ముక్కుసూటి మాటలకు ఈ మాత్రం చాలు. దీన్ని తక్కువచేసి చూడడం సరికాదు. లోపల ఏం జరిగిందో వేళ్లమీద లెక్కపెట్టి చెప్పగల పద్ధతులు ఈ రంగంలో అరుదు.

అదే పద్ధతిని తెలుగు ట్రైలర్ కిందికి తీసుకొస్తే ఏమవుతుందో ఆరు కామెంట్లతో చూడవచ్చు. ఇవి ఈ వ్యాసం కోసం కల్పించినవే కానీ, ఇలాంటివి చదవని తెలుగువాళ్లు ఉండరు. కుడివైపు ఉన్నవి వేడర్ వేసే మార్కులు.

```
1. Songs nice ga unnayi                           0.4215
2. Story nice ga ledu                             0.4215
3. Super movie, 3 hours prashantanga nidrapoya    0.5994
4. సెకండాఫ్ చాలా బోర్ కొట్టింది                   0.0000
5. arachakam anna                                 0.0000
6. worst annavallu malli chudandi                -0.6249
```

మనిషి చదివితే మొదటిది, ఐదోది, ఆరోది మెప్పులు. రెండు, మూడు, నాలుగు విమర్శలు. అంటే మూడుకు మూడు సమానం. జాబ్ లెక్కలో సగటు 0.136, అంటే నివేదికలో స్పందన అనుకూలం అని పడుతుంది. ఆరింటిలో సరిగ్గా మార్కు పడ్డది మొదటిదానికి ఒక్కదానికే. అన్నిటికంటే ఎక్కువ మార్కు సినిమా చూస్తూ నిద్రపోయినవాడికి దక్కింది. అన్నిటికంటే తక్కువ మార్కు, సినిమాను తిట్టినవాళ్లతో వాదానికి దిగిన అభిమానికి పడింది.

ఈ ఐదు తప్పులకూ కారణాలు వేరువేరు, వాటికి చికిత్సలూ వేరే. నాలుగో కామెంటు తెలుగు లిపిలో ఉంది. పదకోశంలో తెలుగు అక్షరమే లేదు కాబట్టి సున్నా వచ్చింది. ఐదోది రోమన్ లిపిలో ఉన్నా అందులో ఒక్క ఇంగ్లిష్ మాటా లేదు, దానికీ సున్నానే. అసలైన తటస్థ కామెంటుకు, అంటే ట్రైలర్ ఎన్ని గంటలకు వస్తుందని అడిగినదానికి, పడేదీ సున్నానే. చదివి తటస్థం అనుకోవడం, చదవలేకపోవడం ఒకటి కాదు. డేటాబేసులో మాత్రం రెండూ ఒకే అంకె. తెలుగు కామెంట్ల నివేదికల్లో తటస్థం వాటా అనుమానం వచ్చేంత పెద్దగా ఉంటే మొదట చూడవలసింది ఇదే.

`known_words` గడి ఉన్నది ఇందుకోసమే. కామెంటులో ఎన్ని మాటలున్నాయి, వాటిలో ఎన్నింటిని పదకోశం గుర్తుపట్టింది అన్న లెక్క అది. గుర్తుపట్టినవి ఒక్కటీ లేకపోతే ఆ కామెంటుకు మార్కు వేయకుండా, చదవలేదు అని వేరే పెట్టెలో పడేయాలి. అప్పుడు నివేదికలో మూడు బదులు నాలుగు నిలువు వరుసలు ఉంటాయి: మెప్పు, విమర్శ, తటస్థం, చదవనివి. నాలుగో వరుస మిగతా మూడింటికంటే పొడుగ్గా ఉన్న రోజు సగటు గురించి మాట్లాడుకోవడంలో అర్థం లేదు.

రెండో కామెంటులోని తప్పు ఇంకా లోతైనది. `nice` అన్న మాట జాబుకు తెలుసు, `ledu` తెలియదు. అయితే `ledu`ను నిషేధాల జాబితాలో చేరిస్తే సరిపోతుందిగా అని ఎవరికైనా తోస్తుంది. సరిపోదు. ఇంగ్లిషులో నిషేధం ముందొస్తుంది, తెలుగులో వాక్యం చివరొస్తుంది. వేడర్ వెనక్కి చూస్తుంది కానీ ముందుకు చూడదు. `nice` దగ్గర నిలబడి దానికి ముందున్న మూడు మాటలు చూసేసరికి అక్కడ `Story` తప్ప ఏమీ కనిపించదు, ఇంకా రాని `ledu` లెక్కలోకే రాదు. పైపెచ్చు జాబితాలో చేర్చడం కొత్త తప్పును తెస్తుంది. `Story ledu, super songs` అని ఎవరైనా రాస్తే, కథకు చెందిన `ledu` పాటలకు చెందిన `super` వెనకాలే ఉంటుంది. దాంతో పాటలను మెచ్చుకున్న ఒకే ఒక్క మాట తిరగబడి విమర్శ అవుతుంది. నియమాన్నే తెలుగుకు తగ్గట్టు తిప్పి రాసి, ముందున్న మాటలను కాక తర్వాత వచ్చే మాటలను చూడమనాలి. అదీ పూర్తిగా కుదరదు. నచ్చలేదు, బాలేదు, ఆడదు, చూడలేం అన్నప్పుడు నిషేధం విడిమాటగా ఉండదు, క్రియలో కలిసిపోయి ఉంటుంది. మాటలను ఖాళీల దగ్గర విడగొట్టే ప్రోగ్రాముకు అది దొరకదు.

దీనికి రోమన్ లిపి తెలుగులోని స్పెల్లింగుల స్వేచ్ఛ తోడవుతుంది. బాగుంది అన్న ఒక్క మాటను `bagundi`, `baagundi`, `bagundhi`, `bavundi`, `bgundi` అని రకరకాలుగా రాస్తారు. హుషారు ఎక్కువైతే `bagundiiii` అవుతుంది. పదకోశంలో ఒక్కో రూపాన్నీ చేర్చుకుంటూ పోవడం తెగని పని. చాలా జాబులు ముందు కొంత శుభ్రం చేసుకుంటాయి. మూడు నాలుగుసార్లు వచ్చిన ఒకే అక్షరాన్ని ఒకటికి కుదిస్తాయి, పెద్ద అక్షరాలను చిన్నవిగా మారుస్తాయి, లేదా రోమన్ తెలుగును తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాము గుండా పంపుతాయి. ఈ చివరి పద్ధతి స్పెల్లింగుల తేడాలను చాలావరకు ఒక దారికి తెస్తుంది. దానికీ ఒక మూల్యం ఉంది. కామెంటులో ఏ మాట తెలుగు, ఏ మాట ఇంగ్లిష్ అన్నది ముందు తేల్చుకోవాలి. లేకపోతే `nice` కూడా నైస్‌గా మారి పదకోశానికి దొరకకుండా పోతుంది.

మాట విలువ చోటును బట్టి మారడం ఇంకో తలనొప్పి. అరాచకం అంటే వార్తల్లో తెగడ్త, ట్రైలర్ కింద అంతకు మించిన పొగడ్త ఉండదు. చంపేశాడు, మెంటలెక్కించాడు, రచ్చ అన్నవీ అంతే. ఇంగ్లిష్ వైపూ ఈ సమస్య ఉంది. వేడర్ పదకోశంలో `hero` విలువ 2.6, ఎందుకంటే ఇంగ్లిషులో ఒకరిని హీరో అనడం గౌరవం. తెలుగు సినిమా కామెంటులో హీరో అంటే పాత్ర మాత్రమే. హీరోకి డైలాగ్ చెప్పడం రాదని రోమన్ లిపిలో తిట్టినా, ఆ ఒక్క మాట వల్ల 0.5574 మార్కు వచ్చి పడుతుంది. సినిమాకు సంబంధించిన జాబులో ఇలాంటి మాటలను పదకోశం నుంచి తీసేయడం మొదటి రోజే చేయవలసిన పని.

పదకోశాలు వదిలి, పెద్ద భాషా నమూనాలకు శిక్షణ ఇవ్వడం రెండో మార్గం. 2019లో ఫేస్‌బుక్ పరిశోధకులు వంద భాషలతో తయారుచేసిన ఎక్స్‌ఎల్‌ఎమ్-ఆర్‌లో తెలుగుతో పాటు రోమన్ లిపిలో రాసిన తెలుగు కూడా కొంత ఉంది. 2021లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన మ్యూరిల్ 16 భారతీయ భాషలకూ ఇంగ్లిషుకూ తయారైంది. అందులో రోమన్ లిప్యంతరీకరణలతో ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చారు. ఇవి మాటలను ఖాళీల దగ్గర కాక ఇంకా చిన్న ముక్కలుగా విడగొట్టుకుంటాయి. కాబట్టి `nachaledu`లోని చివరి ముక్క నిషేధమని నేర్చుకోవడానికి వీలుంటుంది. వాక్యం మొత్తాన్ని ఒకేసారి చూస్తాయి కాబట్టి `nice` తర్వాత `ledu` వచ్చినా ఫరవాలేదు. పై జాబితాలో రెండో కామెంటులాంటివి ఈ పద్ధతిలో చాలావరకు దారికొస్తాయి.

కాకపోతే వీటికి మెప్పు ఏది, విమర్శ ఏది అని మనుషులు ముందే గుర్తుపెట్టిన ఉదాహరణలు వేలల్లో కావాలి. ఆ ఉదాహరణలు ఏ చోటు నుంచి వచ్చాయన్నది వాటి సంఖ్యంత ముఖ్యం. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2017లో తెలుగు వాక్యాలకు ఇలాంటి గుర్తులు పెట్టిన సేకరణ ఒకటి విడుదల చేశారు. అలాంటి సేకరణల్లోని రాతభాషకూ ట్రైలర్ కింది మాటకూ చాలా దూరం. కలగలుపు భాషలో ఎంతవరకు సాధ్యమో తెలుసుకోవడానికి హిందీ-ఇంగ్లిష్ అనుభవం పనికొస్తుంది. 2020లో సెమ్‌ఈవల్ అనే అంతర్జాతీయ పోటీలో తొమ్మిదో అంశంగా హింగ్లిష్ ట్వీట్లను మెప్పు, విమర్శ, తటస్థంగా విడదీయమన్నారు. అందరికంటే మెరుగైన జట్టుకు వచ్చిన ఎఫ్1 స్కోరు 75 శాతం. ఎఫ్1 అంటే పట్టుకోవలసినవాటిలో ఎన్ని పట్టుకుంది, పట్టుకున్నవాటిలో ఎన్ని సరైనవి అన్న రెండింటినీ కలిపిన కొలమానం. గుర్తులు పెట్టిన డేటా దండిగా ఇచ్చి, పరిశోధకులు పోటీపడితే వచ్చిన అంకె అది. అలాంటి డేటా లేని చోట ఏ రాత్రి జాబయినా అంతకు మించి సాధిస్తుందని చెబితే నమ్మడానికి తొందరపడనక్కర్లేదు.

మూడో కామెంటు సంగతి మిగిలింది. సూపర్ మూవీ, మూడు గంటలు ప్రశాంతంగా నిద్రపోయా. ఇందులో ప్రతి మాటా మంచిదే. సూపర్ మంచిది, ప్రశాంతం మంచిది, నిద్ర ఎవరికి చేదు? భాష పూర్తిగా తెలిసినా ఇది తిట్టని పట్టుకోలేం. సినిమా హాల్లో నిద్రపోవడం సినిమాకు అవమానమని లోకజ్ఞానం ఉండాలి. 2013లో యూటా విశ్వవిద్యాలయంలో రిలోఫ్, ఆమె సహచరులు వెటకారంలోని ఈ అమరికనే ఆధారం చేసుకుని పనిచేశారు. ఒకవైపు పొగిడే మాట, మరోవైపు ఎవరూ కోరుకోని పరిస్థితి, రెండూ ఒకే వాక్యంలో ఎదురుపడితే వెటకారం కావచ్చన్నది వారి పద్ధతి. ఇంగ్లిష్ ట్వీట్ల నుంచి అలాంటి పరిస్థితులను ప్రోగ్రామే పోగుచేసుకునేలా వాళ్లు దాన్ని రూపొందించారు. తెలుగు ట్రైలర్ల విషయంలోనూ చిన్న జాబితా తయారు చేయవచ్చు: నిద్ర, తలనొప్పి, జండూబామ్, టికెట్ డబ్బులు, ఇంటర్వెల్‌కే బయటికి. వీటి పక్కన సూపర్ కనిపిస్తే కామెంటును పక్కన పెట్టి మనిషికి చూపించవచ్చు.

ఈ జాబితాకు దొరికేది మొరటు వెటకారమే. తెలుగులో ఎద్దేవా చాలాసార్లు అంతకంటే పలచగా ఉంటుంది. కథ చాలా కొత్తగా ఉంది, మా తాతగారు కూడా ఇలాగే అన్నారు అని ఒకరు రాస్తారు. ఇంకొకరు ఒట్టి 🙏 పెట్టి వదిలేస్తారు. దండం పెట్టే ఆ చేతులు భక్తితో పెట్టినవో, ఇక చాలు బాబూ అని పెట్టినవో చేతులను చూసి చెప్పలేం. వేడర్ ఎమోజీలను ఇంగ్లిష్ వర్ణనగా మార్చుకుని చదువుతుంది. 🙏 వర్ణనలో విలువ ఉన్న మాట లేకపోవడంతో సున్నా వస్తుంది. 😂 అయితే ఆనందబాష్పాల ముఖంగా మారి, ఆనందానికి 2.8, బాష్పాలకు −0.9 పోగా 1.9 మిగిలి, 0.4404 మార్కు పడుతుంది. `good` అన్న మాటకు వచ్చేదీ సరిగ్గా అదే. కామెడీ సినిమా ట్రైలర్ కింద ఆ మార్కు న్యాయమే. సీరియస్ సినిమాలో హీరో ఏడుస్తున్న దృశ్యం కింద పడిన వెయ్యి 😂లకు వెయ్యి మెప్పులు లెక్కకట్టడం నిర్మాతను మోసం చేయడమే.

అసలు వెటకారాన్ని నేర్పడానికి కావలసిన ఉదాహరణలను గుర్తించడమే కష్టం. ఇద్దరు మనుషులు 200 కామెంట్లు తీసుకుని విడివిడిగా వెటకారం అవునా కాదా అని గుర్తులు పెట్టారనుకుందాం. నూటికి తొంభై చోట్ల ఇద్దరూ ఏకీభవించారు. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇద్దరూ తలా పదిశాతానికే వెటకారం అని గుర్తు పెట్టి ఉంటే, కళ్లు మూసుకుని గుర్తులు పెట్టినా 82 శాతం చోట్ల కలిసిపోతాయి. ఆ యాదృచ్ఛిక కలయికను తీసేసి లెక్కగట్టే కొలమానాన్ని కోహెన్ కప్పా అంటారు. ఇక్కడ అది (0.90 − 0.82) ÷ 0.18, అంటే 0.44 మాత్రమే. ఇద్దరు తెలుగువాళ్లే అంతమాత్రం కలిసినప్పుడు, వారి గుర్తుల నుంచి నేర్చుకున్న యంత్రం వారిని మించిపోతుందని ఆశించడానికి ఆధారం లేదు. 2022 నాటి సెమ్‌ఈవల్ పోటీలో ఇంగ్లిష్, అరబిక్ వాక్యాలకు ఈ చిక్కు తప్పించడానికి, వెటకారమో కాదో రాసినవారి చేతనే చెప్పించారు. ట్రైలర్ కింద రాసినవారిని వెతికి అడగడం కుదిరే పని కాదు.

వెటకారాన్ని పసిగట్టే ప్రోగ్రాము ఒకటి కొని జాబులో తగిలిద్దామన్నా అంకెలు సహకరించవు. వెయ్యి కామెంట్లలో యాభై వెటకారాలు ఉన్నాయని, ప్రోగ్రాము వాటిలో నూటికి డెబ్బైని పట్టుకుంటుందని, మామూలు కామెంట్లలో నూటికి పదింటిని పొరపాటున వెటకారం అంటుందని అనుకుందాం. పట్టుకున్న అసలు వెటకారాలు 35. పొరపాటున పట్టుబడిన మామూలు కామెంట్లు 950లో పదో వంతు, 95. మొత్తం 130 మార్కులను తిరగేస్తే అందులో దాదాపు మూడొంతులు సరిగా ఉన్నవే చెడిపోతాయి. కాబట్టి ఇలాంటి ప్రోగ్రామును మార్కు తిరగేయడానికి కాక, మనిషి చదవవలసిన కామెంట్లను వేరు చేయడానికే వాడాలి. వెయ్యింటికి బదులు 130 చదవడం ఒక మనిషికి అరగంట పని.

సెంటిమెంట్ మార్కుల్లో తప్పులు ఎలాగూ ఉంటాయి కాబట్టి అసలు అంకెను వదిలేసి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మాత్రం చూస్తే చాలని కొందరు వాదిస్తారు. రోజూ ఒకే రకం తప్పు ఒకే పాళ్లలో జరిగితే తేడాలో అది కొట్టుకుపోతుందన్నది దాని వెనక తర్కం. స్పెల్లింగుల తప్పులకు, చదవని తెలుగు లిపి కామెంట్లకు ఈ వాదం చాలావరకు వర్తిస్తుంది. వెటకారానికి వర్తించదు. సినిమా బాగున్న రోజుల్లో వెటకారం తక్కువ, తేలిపోయిన రోజు ఊళ్లో అందరికీ చమత్కారం పుట్టుకొస్తుంది. తప్పు పాళ్లు సరిగ్గా సినిమా దెబ్బతిన్న రోజునే పెరుగుతాయి, అవీ మెప్పు వైపే. అందువల్ల పదకోశంతో నడిచే గ్రాఫు విడుదల రోజు సాయంత్రం పైకి లేచిందంటే దానికి రెండు అర్థాలు ఉండవచ్చు, అవి పూర్తిగా వ్యతిరేకమైనవి. అభిమానుల గొడవలు దీనికి తోడు. ఒక హీరో సినిమా కింద మరో హీరో అభిమానులు గంటసేపు మూకుమ్మడిగా రాసే పొగడ్తల్లో చాలావరకు పొగడ్తలు కావు.

ఏ అర్థమో తేల్చుకోవడానికి దొరికే సూచనలు కొన్ని ఉన్నాయి. మెప్పు మార్కులు పెరుగుతూ, వాటిలో 😂, 🙏 వాటా కూడా అదే రోజు పెరిగితే అనుమానించాలి. మెప్పు మార్కు పడ్డ కామెంట్లకు వచ్చిన జవాబులు నవ్వులతో నిండి ఉన్నా అంతే. `known_words` తక్కువై మార్కు ఎక్కువైన కామెంట్లు, అంటే పది మాటల్లో ఒక్క సూపర్ మాత్రమే గుర్తుపట్టి 0.5994 ఇచ్చినవి, ఒకచోట చేర్చి చూస్తే వెటకారాలు, తెలుగు నిషేధాలు గుంపుగా బయటపడతాయి. ఇవన్నీ జాబే లెక్కగట్టి నివేదికలో ఒక వరుసగా పెట్టగలదు.

మనిషి తనిఖీ మాత్రం జాబులో భాగంగానే ఉండాలి. ప్రతి రాత్రీ జాబ్ ముగిసేముందు యాభై కామెంట్లను వేరు చేసి ఒక పట్టికలో పెడుతుంది. వాటిలో కొన్ని గాలివాటుగా ఎంచినవి, కొన్ని చదవనివాటి పెట్టెలోంచి, కొన్ని పైన చెప్పిన అనుమానపు గుంపులోంచి. పొద్దున ఆఫీసులో ట్రైలర్ భాష తెలిసిన ఒకరు మార్కు చూడకుండా వాటికి తన గుర్తులు పెడతారు. మార్కు ముందే కనిపిస్తే చేయి అటే వాలుతుంది. గాలివాటుగా ఎంచినవాటిలో ఎన్నిచోట్ల జాబ్ తప్పిందన్నది ఆనాటి గ్రాఫు కిందే అచ్చవుతుంది. అనుమానపు గుంపులోని తప్పులను ఆ లెక్కలో కలపకూడదు, అవి ఏరికోరి తెచ్చినవి. వారం తిరిగేసరికి గుర్తులు పెట్టిన కామెంట్లు 350 పోగవుతాయి. నాలుగైదు నెలలకు మ్యూరిల్ లాంటి నమూనాకు ట్రైలర్ కింది తెలుగులోనే శిక్షణ ఇవ్వడానికి చాలినంత డేటా చేతికొస్తుంది. అప్పుడు `scorer` గడిలో కొత్త పేరు పెట్టి, పాత కామెంట్లన్నిటికీ మళ్లీ మార్కులు వేయించి, రెండు గ్రాఫులనూ పక్కపక్కన కొన్నాళ్లు నడిపించాకే పాతదాన్ని ఆపాలి.